జడలో మల్లెపూలు: రేకు వెంట్రుకల మీద ఆనాలంటే, నీడ కనబడాలంటే

"మా చెల్లి హాఫ్ శారీ ఫంక్షన్ ఫోటోలో జడ ముందుకు వేసుకుని ఉంది, కానీ తల్లో పూలు లేవు. నెట్‌లో దొరికిన మల్లెదండ PNG తెచ్చి ఫోటోషాప్‌లో జడ మీద పెట్టాను. స్టిక్కర్ అంటించినట్టు ఉంది. Drop Shadow వేసినా ఏమీ మారలేదు. రేకులు వెంట్రుకల మీదికి వచ్చి, చిన్న చిన్న నీడలు పడినట్టు రావాలంటే ఏం చేయాలి?"

Drop Shadow కనబడకపోవడానికి కారణం మీ సెట్టింగులు కాదండీ, జుట్టు రంగు. ఫోటోలో పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 255 అనుకుంటే, నల్లటి జుట్టులో చాలా భాగం 20, 30 దగ్గరే ఉంటుంది. దాని మీద నల్ల నీడ వేస్తే 25 కాస్తా 12 అవుతుంది. ఆ తేడా ఏ కంటికీ ఆనదు. మీరు ఒపాసిటీ 40 నుంచి 90కి పెంచినా అంతే.

మరి నిజం జడలో పువ్వు కింద నీడ ఎలా కనబడుతుంది? మెరుపు ఆగిపోవడం వల్ల. నూనె రాసి నున్నగా దువ్వి అల్లిన జడని ఒకసారి దగ్గర నుంచి చూడండి. ప్రతి పాయ ఉబ్బెత్తుగా ఉన్నచోట అడ్డంగా ఒక మెరుపు ఉంటుంది. పువ్వు వెలుతురుకి అడ్డు వచ్చినచోట ఆ మెరుపు ఉన్నట్టుండి తెగిపోయి, పువ్వు దాటాక మళ్లీ మొదలవుతుంది. జుట్టు మీద నీడ అంటే మనకు కనబడేది ఆ తెగడమే. మెరుపు లేనిచోట, అంటే పాయల మధ్య సందుల్లో, నీడ ఉన్నా కనబడదు, కాబట్టి అక్కడ వేయాల్సిన పని కూడా లేదు. మిగతా నీడలన్నీ తెల్లటి రేకుల మీదే కనబడతాయి. ఒక రేకు నీడ పక్క రేకు మీద, రేకు మీదుగా పోయే వెంట్రుక నీడ ఆ రేకు మీద. మీ శ్రమలో ఎక్కువ భాగం పెట్టాల్సింది అక్కడ.

ముందు పూల సంగతి. నెట్‌లో దొరికే దండల్లో ఎక్కువ భాగం తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తీసి కోసినవే. వాటి అంచున సన్నటి తెల్ల గీత మిగులుతుంది. తెల్ల కాగితం మీద అది కనబడదు కానీ నల్లటి జుట్టు మీద పెట్టగానే బయటపడుతుంది. Layer > Matting > Remove White Matte కొంతవరకు పోగొడుతుంది (లేయర్‌కి మాస్క్ ఉంటే ముందు దాన్ని అప్లై చేసుకోవాలి). కానీ ఆ పూల మీద వెలుతురు ఎటునుంచి పడిందో మన చేతుల్లో ఉండదు. పైగా నాలుగు పూలే తిప్పి తిప్పి దండంతా కాపీ చేసి ఉంటారు. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం అంటారు.

అందుకే నేనైతే ఓ మూర మల్లెలు కొని ఫోటో తీసుకోమంటాను. ఇంట్లో సవరం ఉంటే ఇంకా మంచిది. సవరాన్ని మూడు పాయలుగా అల్లి, మీ ఫోటోలో వెలుతురు ఎటువైపు నుంచి ఉందో అటువైపే కిటికీ వచ్చేలా ఒక కుర్చీ వీపుకి వేలాడదీయండి. దాని మీద దండ పెట్టి తీయండి. సవరం వల్ల మూడు లాభాలు. పూల అంచున మిగిలేది నల్ల గీత అవుతుంది, అది జుట్టులో కలిసిపోతుంది. దండ ఉబ్బెత్తు మీద ఎలా వంగుతుందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నీడ ఎక్కడ ఎంత పడుతుందో అసలైన నమూనా మీ ముందు ఉంటుంది. నీడ వేసేటప్పుడు ఊహించుకోనక్కర్లేదు, ఆ ఫోటో పక్కన పెట్టుకుని చూసి వేయవచ్చు.

మధ్యాహ్నం కొంటే మొగ్గలుగా ఉంటాయి, సాయంత్రానికి విచ్చుకుంటాయి. రెండు వేళల్లోనూ తీసుకుని రెండూ కలిపి వాడితే దండ సహజంగా ఉంటుంది. నీళ్లు చల్లకండి. ఆ చుక్కల మెరుపులో మీ కిటికీ ప్రతిబింబం పడుతుంది, ఫంక్షన్ హాల్లో అది ఉండదు. ఎక్స్‌పోజర్ ఒక అరస్టాప్ తగ్గించి తీయండి. నల్లటి సవరం ఫ్రేమంతా ఉంటే కెమెరా చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది, అప్పుడు రేకులు తెల్లగా పేలిపోయి లోపల మడతలు పోతాయి. మడతలు లేని రేకు మీద ఎన్ని నీడలు వేసినా కాగితం ముక్కలాగే ఉంటుంది.

వెలుతురు ఎటునుంచి ఉందో తెలుసుకోవడానికి ముక్కు కింద నీడ చూడండి, కళ్లల్లో తెల్ల చుక్క ఎటువైపు ఉందో చూడండి. రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే రెండు లైట్లు ఉన్నట్టు. అలాంటప్పుడు ముక్కు నీడ చెప్పినదాన్నే నమ్మండి.

ఇప్పుడు సైజు. ఎక్కువమంది పూలు పెద్దవిగా పెట్టేస్తారు. విచ్చుకున్న మల్లెపువ్వు సుమారు 2.5 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక మోస్తరు జడ వెడల్పు 5 సెంటీమీటర్లు అనుకుందాం. మీ ఫోటోలో జడ వెడల్పు 400 పిక్సెల్స్ ఉంటే, సెంటీమీటరుకి 80 పిక్సెల్స్. అంటే విచ్చుకున్న పువ్వు 200 పిక్సెల్స్, జడలో సగం. మొగ్గ వెడల్పు అందులో సగంకంటే తక్కువే. ఈ 80 అనే లెక్క గుర్తుంచుకోండి, నీడ దగ్గర మళ్లీ కావాలి. మీ ఫోటోలో జడ కొలిచి మీ అంకె మీరు వేసుకోండి.

దండని ఒకే లేయర్‌గా ఉంచకండి. కనీసం మూడుగా విడదీయండి: అడుగున ఉన్న పూలు, మధ్యవి, అన్నిటికంటే పైకి లేచినవి. దండని జడ వంపుకి తిప్పడానికి Edit > Puppet Warp బాగుంటుంది, విడదీయకముందే ఆ పని కానివ్వండి. మల్లెదండలో కాడలు లోపలికి, దారం వైపు ఉంటాయి, పూలు బయటికి చూస్తాయి. తిప్పేటప్పుడు ఈ వరస చెడితే, కాడలు గాల్లో తేలుతూ కనబడితే, పూలు కట్టడం తెలిసిన ప్రతి అమ్మమ్మా పట్టేస్తుంది.

తరువాత పూలు జడలోకి దిగాలి. ఇక్కడే స్టిక్కర్ తనం పోతుంది. పూలు వెంట్రుకల మీద ఉండటం ఒక్కటే చాలదు, కొన్ని వెంట్రుకలు పూల మీదికి రావాలి. పువ్వు ఒకవైపు పాయని కప్పుతుంది, ఇంకోవైపు పక్క పాయ ఆ పువ్వు కాడని కప్పుతుంది. ఈ రెండూ ఒకే పువ్వు దగ్గర జరిగితే కన్ను వెంటనే నమ్ముతుంది.

చేసే పద్ధతి చెప్తాను. అసలు ఫోటో లేయర్‌ని కాపీ చేసి పూల లేయర్లన్నిటి పైన పెట్టండి. దానికి నల్ల మాస్క్ వేయండి, మొత్తం మాయమవుతుంది. ఇప్పుడు పూల లేయర్ల ఒపాసిటీ 50కి తగ్గిస్తే కింద అసలు వెంట్రుకలు ఎటు పోతున్నాయో కనబడుతుంది. రెండు పాయలు కలిసే సందు దగ్గర, పువ్వు అడుగు భాగం మీద, మాస్క్‌లో తెల్ల బ్రష్‌తో పాయ అంచు వెంబడి గీయండి. పాయ అంచు దగ్గర బ్రష్ కాస్త గట్టిగా ఉండాలి, మెత్తటి బ్రష్ అయితే పువ్వు పొగలో మునిగినట్టు ఉంటుంది. పువ్వు కాడ వైపు మూడో వంతు పాయ కిందికి వెళ్లిపోయినా పర్వాలేదు. కష్టపడి కోసిన పువ్వుని దాచెయ్యడానికి మనసొప్పదు గానీ, దాచకపోతే అది పైన తేలుతూనే ఉంటుంది.

అది పాయ సంగతి. విడి వెంట్రుకలు వేరు. వీటిని కాపీ లేయర్ నుంచి తేవడం కుదరదు, ఎందుకంటే ఒక్క వెంట్రుక కోసం మాస్క్ గీస్తే పక్కనున్న నలుపు కూడా వచ్చి తెల్ల రేకు మీద బొగ్గు గీతలా కనబడుతుంది. కొత్త లేయర్ తీసుకుని పెన్ టూల్‌తో గీయండి. రెండు పిక్సెల్స్ గట్టి బ్రష్ పెట్టుకుని, బ్రష్ సెట్టింగుల్లో Shape Dynamics కింద Control ని Pen Pressure చేయండి. తరువాత Stroke Path లో Simulate Pressure టిక్ పెడితే రెండు చివర్లా సన్నబడిన వెంట్రుక వస్తుంది. రంగు పూర్తి నలుపు వద్దు. తెల్లటి రేకు మీద విడి వెంట్రుక ముదురు గోధుమ రంగులో కనబడుతుంది, జుట్టు మెరుపు అంచు నుంచి రంగు తీసుకుంటే సరిపోతుంది. దండ మొత్తానికి ఏడెనిమిది చాలు. అన్నీ ఒకే వంపులో ఉండకూడదు, ఒకటి రెండు అడ్డంగా పోవాలి. ఎక్కువైతే పూలలో వెంట్రుకలు చిక్కుకున్నట్టు, ఎవరో దండ లాగేసినట్టు ఉంటుంది.

ఇక నీడ. కాస్త ఓపిగ్గా చదవండి.

రేకు జడకి ఎంత ఎత్తున ఉందో దాన్ని బట్టి నీడ ఎంత దూరం పడుతుందో తేలుతుంది. వెలుతురు ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పడుతుంటే, ఎత్తు ఎంతో నీడ జరిగే దూరం అంతే. మల్లెరేకు కొన జుట్టుకి ఓ 3 మిల్లీమీటర్ల పైన ఉందనుకోండి. మన లెక్కలో మిల్లీమీటరుకి 8 పిక్సెల్స్, కాబట్టి కొన దగ్గర నీడ 24 పిక్సెల్స్ అవతల పడాలి. అదే రేకు మొదలు జుట్టుకి ఆనుకునే ఉంటుంది, అక్కడ నీడ జరగదు, సున్నా. ఒకే రేకు కింద నీడ సున్నా నుంచి 24 దాకా పోతుందన్నమాట. Drop Shadow లో Distance ఒక్కటే ఉంటుంది, పువ్వంతటికీ అదే దూరం. 24 పెడితే పువ్వు మొత్తం గాల్లోకి లేస్తుంది, 4 పెడితే కొన కూడా అతుక్కుపోతుంది. అది పనికిరాకపోవడానికి రెండో కారణం ఇదే.

నీడ అంచు ఎంత మెత్తగా ఉండాలన్నదీ ఎత్తుని బట్టే. మీటరు వెడల్పు కిటికీ రెండు మీటర్ల దూరంలో ఉంటే, నీడ అంచు మసక ఎత్తులో సగం ఉంటుంది. 3 మిల్లీమీటర్ల ఎత్తుకి 1.5 మిల్లీమీటర్లు, అంటే 12 పిక్సెల్స్ వెడల్పు మసక. Gaussian Blur లో 4 లేదా 5 పెడితే దాదాపు ఆ మసక వస్తుంది. ఆనుకున్నచోట మాత్రం 1 మించకూడదు. అదే ఎండలో తీసిన ఫోటో అయితే మసక ఇందులో యాభయ్యో వంతు కూడా ఉండదు, నీడ గీసినట్టు పడుతుంది.

ఆచరణలో ఇలా. పువ్వు మాస్క్ మీద Ctrl నొక్కి క్లిక్ చేస్తే దాని ఆకారం సెలెక్ట్ అవుతుంది. ఆ సెలెక్షన్ ఉండగానే పువ్వు లేయర్ కింద ఒక Curves లేయర్ పెట్టండి, ఆ ఆకారమే దానికి మాస్క్ అయిపోతుంది. కర్వ్‌లో పై కుడి మూల బిందువుని నిలువుగా కిందికి, 255 నుంచి సుమారు 100కి లాగండి. కింది ఎడమ బిందువుని ముట్టుకోవద్దు. ఇలా చేస్తే మెరుపే బాగా తగ్గుతుంది, 130 ఉన్న మెరుపు 50 దగ్గరికి దిగుతుంది. 25 ఉన్న సందు 10 అవుతుంది, అది ఎలాగూ కంటికి తెలియదు. నల్ల రంగు పోసే నీడ కంటే ఇది ఎందుకు మేలంటే, వెంట్రుకల గీతలు నీడలో కూడా సన్నగా కనబడుతూనే ఉంటాయి. నిజం నీడలో కూడా అవి పోవు కదా.

ఇప్పుడు మాస్క్‌కీ లేయర్‌కీ మధ్య ఉన్న గొలుసు తీసేసి, మాస్క్ మీద Edit > Transform > Warp వాడండి. రేకు మొదళ్లు ఉన్నచోట కదలకుండా ఉంచి, కొనల్ని మాత్రం వెలుతురు వచ్చే వైపుకి కాకుండా దాని అవతలి వైపుకి 20, 24 పిక్సెల్స్ లాగండి. తరువాత మాస్క్‌కి 4 పిక్సెల్స్ బ్లర్. ఆనుకున్నచోట్ల బ్లర్ ఎక్కువైపోతుంది కాబట్టి, అక్కడ వేరే లేయర్‌లో రెండు మూడు పిక్సెల్స్ వెడల్పున ముదురు గీత చేత్తో వేయండి. పువ్వు జడని తాకింది అని చెప్పేది ఆ గీతే. వెలుతురు వచ్చే వైపు ఆ గీత వద్దు, నీడ వైపే.

ఇదంతా ప్రతి పువ్వుకీ చేయాలా అని మీకు టెన్షన్ వద్దు. పాయ మెరుపుని తాకే పూలకి చేస్తే చాలు. జడ మీద దండ చుట్టు ఒక్కటే అయితే అలాంటివి నాలుగైదే ఉంటాయి.

రేకుల మీద పడే నీడలు ఇంతకంటే తేలిక, పైగా ఫలితం ఎక్కువ. పైకి లేచిన పూల లేయర్ ఆకారాన్నే తీసుకుని, దాని కింద నీడ లేయర్ వేసి, ఆ నీడని అడుగున ఉన్న పూల లేయర్‌కి క్లిప్ చేయండి. అప్పుడు అది పూల మీదే పడుతుంది, జుట్టు మీదికి పోదు. Multiply, ఒపాసిటీ 35 దగ్గర. రంగు మాత్రం జాగ్రత్త. మల్లెరేకు పలచన, వెలుతురు కొంత లోపలికి దూరి బయటికి వస్తుంది. దాని నీడ బూడిద రంగులో ఉండదు, కాస్త పసుపూ ఆకుపచ్చా కలిసిన మీగడ రంగులో ఉంటుంది. మీరు తీసిన ఫోటోలోనే ఒక రేకు నీడ భాగం మీద ఐడ్రాపర్ పెట్టి ఆ రంగు తీసుకోండి. నల్ల రంగుతో వేస్తే పూలు వాడిపోయినట్టు, మాసిపోయినట్టు అయిపోతాయి.

విడి వెంట్రుక నీడ కూడా ఇలాగే. వెంట్రుకల లేయర్ కాపీ చేసి, మూడు పిక్సెల్స్ నీడ వైపు జరిపి, 1 బ్లర్ చేసి, రేకు నీడ రంగు పూసి, పూల లేయర్‌కి క్లిప్ చేయండి. వెంట్రుక రేకు వంపు మీద పోతుంటే, మధ్యలో నీడ దగ్గరగా, అంచుల దగ్గర కాస్త దూరంగా ఉండాలి. ఫోటోని 100 శాతంలో చూస్తే తప్ప ఇది కనబడదు. కానీ ఇది ఉన్న ఫోటోకీ లేని ఫోటోకీ తేడా మాత్రం దూరం నుంచే తెలుస్తుంది.

జడ అంచు దాటి బయటికి వచ్చిన రేకుల నీడ మర్చిపోకండి. అది జుట్టు మీద కాదు, ఓణీ మీదో జాకెట్టు మీదో పడుతుంది. అక్కడ దూరం ఎక్కువ. జడే రెండు మూడు సెంటీమీటర్ల మందం ఉంటుంది, కాబట్టి ఆ నీడ బాగా జరిగి, బాగా మసకగా, దాదాపు జడ నీడలోనే కలిసిపోయి ఉండాలి. జడకి ఇప్పటికే ఓణీ మీద ఒక నీడ ఉంటుంది. దాని అంచుని పూలు ఉన్నమేర కొద్దిగా ఉబ్బించండి, అంతే. కొత్త నీడ విడిగా వేయొద్దు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి అన్నిటి పైన రెండు తాత్కాలిక లేయర్లు పెట్టుకోండి. ఒకటి Black & White. రంగు తీసేస్తే, మీ పూల తెలుపు మిగతా ఫోటోలో ఉన్న తెలుపు కంటే మరీ ఎక్కువైందా అన్నది వెంటనే తెలుస్తుంది. పట్టు అంచు మెరుపు 230 దగ్గర ఉంటే, రేకు తెలుపు 235 దాటకూడదు. రెండోది, చీకటి భాగాన్ని బాగా పైకి ఎత్తే Curves. అది పెట్టగానే జుట్టులో దాగిన నలుపులన్నీ బయటపడతాయి. మీ నీడ గానీ, పాయల మధ్య సహజంగా ఉన్న సందు కంటే నల్లగా కనబడితే, తగ్గించండి. మామూలు స్క్రీన్‌లో అది కనబడకపోవచ్చు, కానీ వెలుతురు ఎక్కువ పెట్టుకున్న ఫోన్‌లో ఎవరో చూసి "ఇక్కడ నల్లమచ్చ ఏంటి" అంటారు.

జడ కింది భాగం ఫోకస్‌లో లేకపోతే పూలు కూడా అక్కడ అంతే మసకగా ఉండాలి. పూల పక్కన ఉన్న వెంట్రుకల్ని చూసి సరిపోల్చండి, ముఖాన్ని చూసి కాదు.

చివరగా ఒక పరిమితి. మీ ఫోటో కెమెరా మీది ఫ్లాష్‌తో ఎదురుగా తీసిందైతే పైన చెప్పిన 24 పిక్సెల్స్ లెక్క వర్తించదు. వెలుతురు లెన్స్ పక్క నుంచే వస్తుంది, నీడ పువ్వు వెనకాలే దాక్కుంటుంది. అప్పుడు వార్ప్ చేసి పక్కకి లాగిన నీడే తప్పు అవుతుంది. ఆనుకున్నచోటి సన్న గీత, రేకుల మధ్య మడతల్లో కొంచెం ముదురు, పూల మీదికి వచ్చిన పాయలు, ఇంతవరకే చేసి ఆపండి. సవరం మీద పూలు తీసేటప్పుడు కూడా కిటికీ వద్దు, అదే ఫ్లాష్‌తో తీయండి.

మీ ఫోటోలో ముక్కు నీడ ఎటు ఉందో, జడ వెడల్పు ఎన్ని పిక్సెల్స్ ఉందో చెప్తే దూరం, బ్లర్ అంకెలు నేనే వేసి చెప్తాను.